రిబ్కమ్మ టీచరు పదకొండో ప్రశ్న

రిబ్కమ్మ టీచరుకు ఖాళీ గీత కంటబడితే ఒళ్లు మండేది. కాపీపుస్తకంలో ఒక్క గీత వదిలినా ఎర్రసిరా పడేది. బెల్లంపల్లి మిషను బడిలో ఆ ఎర్రసిరా కడుపునిండా తిన్నవాణ్ణి నేను. అందుకే ఆమె సంగతి నేను చెబితేనే బాగుంటుంది.

అరవై ఏడు వానాకాలంలో ఆమె పెనిమిటి అహరోను సర్దారు పరీక్షకు కట్టాడు. బొగ్గుగనిలో సర్దారంటే మనుషులు పనిలోకి దిగేముందు దీపంతో గ్యాసు చూసేవాడు. ఉన్నదంటే అందరినీ బయటికి పంపాలి. అతని కళ్లు పొరబడితే యాభై ఇళ్లలో పొయ్యి వెలగదు.

పరీక్ష ఇంకా పన్నెండు రోజులుందనగా రిటైరైన మేనేజరు ఒకాయన గ్యాసు మీద గంటసేపు పాఠం చెప్పాడు. అహరోను విన్నాడు. పరీక్షకు కట్టిన మరో అయిదుగురు డ్యూటీలో ఉండి రాలేకపోయారు. వాళ్లకోసం మిషను బంగళాలో పాటలు పట్టే టేపు రికార్డరుతో ఆ పాఠం పట్టారు. ఆ రికార్డరు మూడు రోజుల్లో హైదరాబాదుకు వాపసు పోవాలి.

టీచరు ఆ మూడు రోజులూ బడి అయిపోగానే బంగళాకు ఉరికేది. రెండు మాటలు వినడం, ఆపడం, రాయడం, వెనక్కి తిప్పడం. విన్నది విన్నట్టు మొదటి చిత్తు. ఆ తర్వాత ఆయన పక్కదారి పట్టి చెప్పిన వేటకథలు కొట్టేసి, ఒక్కో సంగతికి ఒక్కో శీర్షిక పెట్టింది. కష్టమైన మాటలు విడిగా తీసి అర్థాలు రాసింది: మీథేన్, గాలికన్నా తేలిక, పైకప్పు కింద చేరుతుంది; బొగ్గుపులుసు వాయువు, బరువు, నేలమీద ఉంటుంది. చివర ఇరవై ప్రశ్నలు, కింద జవాబులు లేకుండా. జవాబు కళ్లముందుంటే చదివేవాడు తనకు వచ్చనుకుంటాడని ఆమె నమ్మకం.

ఒక్కచోట చిక్కుపడింది. దీపం వత్తి తగ్గించి మెల్లగా కప్పు వైపు లేపితే, గ్యాసున్నచోట మంట మీద నీలి టోపీ కనబడుతుంది. టేపులో మేనేజరు గొంతు, "నూటికి ఒకటింపావు గ్యాసుకు టోపీ గింత వస్తది. ఇగ మనుషుల్ని బయటికి తీసెయ్యాలె" అంది. గింతంటే ఎంత? వెనక సుద్దముక్క చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బోర్డు మీద ఎంత గీసిండు?" అని ఇంటికొచ్చి అడిగింది.

"అర అంగుళం ఉంటదేమో" అన్నాడు అహరోను, బూట్లు విప్పుతూ.

అర అంగుళం అని సాఫుగా రాసేసింది. ఆరు ప్రతులు పోయాయి.

వారం తర్వాత ఆరుగురినీ అరుగు మీద కూర్చోబెట్టి పదకొండో ప్రశ్న అడిగింది. అందరూ ఒక్క గొంతుతో, "అర అంగుళం." చుట్ట కాలుస్తున్న ముసలి సర్దారు సాంబయ్య తలెత్తాడు.

"ఎవలు చెప్పిండ్రు బిడ్డా? అర అంగుళం దాక ఆగితె గని పేలేటందుకు ఇంక జరంతనే ఉంటది. మసకగ, గోటి కొసకు తెల్లగుంటది సూడు, గంతనే."

"బోర్డు మీద..." అని మొదలుపెట్టింది టీచరు.

"బోర్డు మీద దీపాన్ని ఎంత పెద్దగ గీసిండో?"

అహరోను తలదించుకున్నాడు. "రెండు మూరలు. అసలు దీపం జానెడే ఉంటది."

టీచరు మొహం పాలిపోయింది. లోపలికెళ్లి మొదటి చిత్తు తెచ్చి చూసుకుంది. "గింత. సుద్ద చప్పుడు" అని తన చేతిరాతే. ఉన్నదున్నట్టు రాసింది తనే, ఆ ఖాళీని పూడ్చింది తనే. ఆరు ప్రతుల్లోనూ ఆ అర అంగుళాన్ని ఎర్రసిరాతో కొట్టేసింది. మర్నాడే సాంబయ్య ఆ ఆరుగురినీ గ్యాసు పరీక్షగదికి తీసుకుపోయి దీపంలో టోపీ చూపించాడు.

కాగితం మీద కొట్టేసినంత సులువుగా నోట్లోంచి పోదు. అన్నం తింటుంటే అడిగింది, లాంతరు తుడుస్తుంటే అడిగింది. అహరోను నోరు తెరిస్తే ముందు అర అంగుళమే వచ్చేది. "యాది జెయ్యకే రిబ్కా, గదే మళ్లొస్తది" అని విసుక్కున్నాడు. ఆమెకు తిండి సయించలేదు.

పరీక్షనాడు బడిలో మాకు లెక్క చెప్పి, మధ్యలో ఆపి, కిటికీ దగ్గరికి పోయి, మళ్లీ అదే లెక్క మొదలుపెట్టింది. మూడుసార్లు. ఎర్రసిరా సీసా మూతే తీయలేదు.

సాయంత్రం అహరోను గేటు దాటకముందే ఎదురుపోయింది. పాసయ్యావా అని అడగలేదు.

"పదకొండోది అడిగిండ్రా?"

"అడిగిండ్రు. అర అంగుళం పండ్లదాక వచ్చింది. నోరు మూసుకుని, దీపం ఇయ్యుండ్రి సారు, సూపిస్తనన్న."

"సూపించినవా?"

"పాసైన" అన్నాడు. ఆమె అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చింది.

ఆ నోట్సు తర్వాత ఎన్నో చేతులు మారింది. నేను సర్దారు పరీక్షకు చదివింది కూడా అదే. పదకొండో ప్రశ్న దగ్గర టీచరు చేతిరాతలో, "ఇక్కడ టేపులో మాట లేదు. దీపం దగ్గర చూసి రాసుకోండి" అని ఉంది. దానికింద ఒక గీత ఖాళీగా వదిలింది.