రెండో సూది కుడి భుజానికి

నాకు సంతకం వరకే వచ్చు. కాబట్టి ఇదంతా నోటితో చెబుతున్న మాట. సిరిసిల్లలో బీడీలు చుట్టి బతికిన దాన్ని. ఆయన పోయాక నాకు మిగిలింది కోరుట్లకు ఇచ్చిన బిడ్డ, ఇంట్లో కొడుకు. కొడుకు సాంచల మీద పనిచేస్తాడు. కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచ అంటాం.

వాడికి ఇరవై నాలుగో ఏట మనసు చెదిరింది. సాంచల మోతలో ఎవరో తనను తిడుతున్నారనేవాడు. గోలీలు వేసుకుంటే బాగయ్యేది, మానేస్తే మళ్లీ మొదలు. పని ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి షిఫ్టు వారం రాగానే గోలీ ఎప్పుడు వేసుకోవాలో తప్పిపోయేది. నాలుగు రోజులు తప్పితే ఇక ఆ డబ్బా ముట్టేవాడే కాదు.

మొదటిసారి బాగా ముదిరినప్పుడు మా వాళ్లే నలుగురు పట్టుకుంటే ఒక చోట నూనె సూది పొడిపించాము. వాడిని అడగలేదు. తిట్లు తగ్గాయి గానీ చేతులు కొయ్యబారి వణికాయి. తెగిన పోగును ముడివేయలేక సాంచ ముందు నిలబడి ఏడ్చాడు. ఆ వణుకు పోవడానికి నెలలు పట్టింది. సూది అనే మాట ఇంట్లో ఎత్తితే చాలు, లేచి వెళ్లిపోయేవాడు.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. గోలీ నూరి పచ్చిపులుసులో కలిపాను. చాలా ఇళ్లలో తల్లులు చేసే పనే అది. మూడో వారం గిన్నె అడుగున తెల్లటి గసి చూశాడు. గిన్నె అవతలికి నెట్టాడు. ఆ రోజు నుంచి ఇంట్లో తొక్క తీసుకుని తినేవే తిన్నాడు: అరటిపండు, ఉడకబెట్టిన గుడ్డు. గుడ్డు కూడా పొయ్యి దగ్గర నిలబడి తనే ఉడకబెట్టుకునేవాడు. నా కొడుకు నా చేతి అన్నం తినడం మానేశాడు. అంతకన్నా ఏం కావాలి తల్లి గుండె పగలడానికి?

బిడ్డ వచ్చి తమ్ముడిని బతిమాలింది. "సిరిసిల్లల అద్దురా, జగిత్యాల పోదాం. గక్కడ నిన్ను ఎవ్వలు వట్టుకోరు. మాట్లాడుడే." అక్క మాట మీద బయల్దేరాడు.

జగిత్యాలలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ మమ్మల్ని ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి ముందు వాడినే అడిగింది. "తమ్మీ, నీకేం గావాలె?"

"సాంచ నడపాలె. చేతులు వణకద్దు. అన్నంల ఏం గలపద్దు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "నేనే కలిపిన డాక్టరమ్మా" అన్నాను.

"ఇగ కలపకు పెద్దమ్మా. దొంగతనంగ ఇచ్చిన మందుతోని నమ్మకం పోతది. నమ్మకం లేకుంటే ఏ మందూ నిలవది." మళ్లీ వాడి వైపు తిరిగింది. "నెలకొక్కపారి తీసుకునే సూది ఉన్నది. షిఫ్టుతోని పనిలేదు, యాదికి పెట్టుకునుడు లేదు. ఇను, నువ్వు అద్దంటే ఇయ్య."

"సూది అద్దు. పోయినపారి నా చేతులు తీస్కపోయిండ్రు."

ఆమె కాదనలేదు. ఏ సూది పొడిచారో పాత కాగితాలు చూసింది. "గది నూనెల కలిపిన పాత మందు. మంచిదే, చౌకనే, గని నీ వొంటికి పడలె. గది మళ్ల ఇయ్య. ఇంకో తీరుది పొడిచినంక మూడు గంటలు ఈడనే కూసోవెట్టి సూడాలె, ప్రతిసారి. నీ పనికి గది కుదరది. నేను చెప్పే సూది నువ్వు ఇంతకు ముందు మింగిన గోలీ జాతిదే. ఆ గోలీతోని చేతులు వణికినయా?"

వాడు ఆలోచించాడు. "లేదు. నిద్ర మత్తు ఉండె."

"ఈ సూదితోని అసలే వణకవని చెప్ప. తక్కువ. బరువు పెరగొచ్చు. ఒక్కసారి లోపటికి పోయినంక బయటికి తీయరాదు, నెలలు ఉంటది. అందుకే ముందుగాల కొన్ని రోజులు గోలీ మింగి సూడు. పడ్డదంటెనే సూది."

షుగరుకూ కిడ్నీకీ రక్తం తీయించింది. ఈ మందు ఒంట్లోంచి కిడ్నీ గుండానే పోతుందట. పాత సూది కన్నా ఖరీదన్న సంగతీ దాచలేదు. ఆ భారం బిడ్డ తన మీద వేసుకుంది.

గోలీలు వాడే తన సంచిలో పెట్టుకున్నాడు. నేను డబ్బా వైపు కూడా చూడలేదు. అది నాకెంత కష్టమైందో నాకే తెలుసు. పన్నెండో రోజు వాడే అన్నాడు, "అవ్వా, చేతులు మంచిగనే ఉన్నయి. పోదాం."

అక్కడ మళ్లీ ఒక చిక్కు. మొదట్లో రెండు సూదులట. మొదటిది పెద్దది, వారానికి రెండోది కొంచెం చిన్నది, రెండూ భుజానికే, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. వాడు లేచి నిలబడ్డాడు. "నెలకొకటి అన్నరు. గిప్పుడు రెండంటున్నరు. గిట్లనే మొదలైతది మోసం!"

డాక్టరమ్మ చెప్పబోయింది. నేను ఆగలేకపోయాను. "అరే కొడుకా, బీడీ ఆకు పొద్దుగాల ఎట్ల తడుపుత? ముందు మంచిగ నానవెడుత. పొద్దుమూకెదాకా చెంచెడు నీళ్లు సల్లుకుంట కూసుంటె ఆకు మెత్తవడ్తదా, పగుల్తది. ఒక్కపారి నానినంక తడిబట్టల సుట్టి జరంత చిలకరిస్తె సాలు."

డాక్టరమ్మ నవ్వింది. "గంతే తమ్మీ. రెండు సూదులతోని మందు సరిపడ ఎక్కుతది, ఇగ గోలీతోని పనిలేదు. తర్వాత నెలకొక్కటి, భుజానికైనా పిరుదుకైనా."

"కుడి భుజం అద్దు. గా చేతితోనే ముడేస్త."

"రెండు రోజులు నొయ్యొచ్చు, గంతే. ఒక్కదిక్కే మళ్లమళ్ల పొడువద్దని రెండో భుజం. ఎనిమిదో రోజే రావాలని లేదు, నాలుగు రోజులు అటిటు అయినా నడుస్తది. నువ్వే చెప్పు, ఎప్పుడస్తవు?"

ఆ మాట దగ్గర వాడి ముఖం మారింది. వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. సాంచ మీద బీము, అంటే పడుగు దారం చుట్టిన పెద్ద కడ్డీ, అయిపోతే కొత్త బీము ఎక్కించే దాకా సాంచ ఆగుతుంది, పనివాడి చేయి ఖాళీ. "మా బీము పదో రోజు అయిపోతది. గా రోజు అస్త. చెయ్యి నొచ్చినా ఏం కాదు."

కుర్చీలో కూర్చుని ఎడమ చొక్కా చేయి తనే పైకి మడిచాడు. ఎవరూ పట్టుకోలేదు. నేను గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పదో రోజున నన్ను లేపింది వాడే. కుడి భుజానికి వేయించుకుని బస్సులో దారి పొడవునా వేళ్లు మూస్తూ తెరుస్తూ చూసుకున్నాడు. ఇంటికి రాగానే దారం తీసి ముడి వేశాడు, పంటితో లాగి చూశాడు. నిలిచింది.

ఇప్పటికి ఆరు నెలలు. ప్యాంటు నడుము దగ్గర బిగుతైంది, నడవమంది డాక్టరమ్మ. మోతలో తిట్లు పూర్తిగా పోలేదంటాడు, "దూరంకెళ్లి వస్తున్నయి, పట్టించుకుంట లేను" అంటాడు. నెల నెలా ఆమె ముందు ఒక దారం ముక్క తీసి ముడి వేసి చూపిస్తాడు. అది వాళ్లిద్దరి మధ్య లెక్క.

నా చేతి అన్నం తినమని మాత్రం నేను అడగలేదు. మొన్న షిఫ్టు దిగి వచ్చి, గుడ్డు గిన్నె పక్కకు పెట్టి, నా ముందు పళ్లెం వేసుకుని కూర్చున్నాడు. పచ్చిపులుసు పోశాను. ముద్ద నోట్లో పెట్టుకుని నా ముఖం చూశాడు.

"ఏం గలిపినవే అవ్వా?"

నేను గిన్నె అడుగు వైపు చూశాను.

"ఉప్పు కలుపుడు మర్చిపోయినవ్" అన్నాడు, పులుసు గిన్నె నా వైపు జరుపుతూ.