గోడ మీది చార్టు, రెజ్యూమెలో ఏడు నెలలు

పొద్దున్నే ఆరింటికి అలారం మోగగానే మంచానపడ్డ తన అమ్మను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టడం, ఎనిమిదింటికి కుడివైపు తిప్పడం, తిప్పిన ప్రతిసారీ మంచం పక్క గోడకు అంటించిన చార్టులో టిక్కు పెట్టడం. ఆస్పత్రికి సెలవు పెట్టి ఏడు నెలలు నర్సు చేసిన పని అదే. అమ్మ పోయి నెలయింది. అలారం మాత్రం మానలేదు. లేచి కూర్చున్నాక గానీ, తిప్పడానికి ఎవరూ లేరని ఆమెకు గుర్తు రాదు.

ఆ రోజు అలారం ఆపుతుంటే ఆస్పత్రి మేట్రన్ మెసేజ్ కనిపించింది. "విదేశాల నుంచి నీ అనుభవం వెరిఫికేషన్ ఫారం వచ్చింది. తేదీల విషయం మాట్లాడాలి. పదింటికి రా."

నర్సు విదేశీ ఉద్యోగానికి పంపిన రెజ్యూమె తెరిచింది.

లైసెన్సు పరీక్ష ఒక్కసారికే పాసయింది. కాలేజీ వాళ్ళిచ్చిన క్లినికల్ గంటల లెక్కా సరిగ్గానే ఉంది. పన్నెండు పడకల ఐసీయూలో నాలుగేళ్ళు, వెంటిలేటర్ మీదున్న రోగుల్ని చూసుకున్న అనుభవం, అన్నీ నిజాలే. తప్పంతా చివరి ఏడు నెలల దగ్గరే. విదేశీ ఉద్యోగాలు కుదిర్చే కన్సల్టెన్సీ ఆయన "గ్యాప్ కనబడితే పక్కన పడేస్తారమ్మా. మీ అమ్మగారూ పేషెంటే కదా, ఐసీయూ కిందే కలిపేద్దాం" అన్నాడు. ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి, సరేనంది.

"మొహం అట్లా పాలిపోయిందేంటే?" అంది పిన్ని, టీ గ్లాసు అందిస్తూ.

"దొంగ అనుభవం రాశానని తేలితే దరఖాస్తు కొట్టేస్తారు పిన్నీ. మళ్ళీ ఎక్కడ పెట్టుకున్నా ఆ మచ్చ ఉంటుంది."

"నీకు రాసిపెట్టినోడు పోతాడా జైలుకి?"

"వాడిదేం పోయింది, సంతకం నాది."

మేట్రన్ గదిలో నర్సు కుర్చీ అంచున కూర్చుంది. మేట్రన్ కళ్ళజోడు సర్దుకుని ఫారం ఇటు తిప్పింది.

"నువ్వు సెలవు పెట్టిన రోజు నుంచి ఇక్కడ నీ డ్యూటీ లేదు. ఇందులోనేమో పోయిన నెలదాకా ఐసీయూలో ఉన్నట్టుంది. నన్నేం రాయమంటావ్?"

"మా అమ్మని చూసుకున్నాను మేడమ్. రెండు గంటలకోసారి తిప్పాను. ఒక్క పుండు కూడా పడలేదు."

"తెలుసమ్మా. నేనైతే నీకు మెడల్ ఇస్తా. కానీ అమ్మ ఆస్పత్రి కాదు కదా." ఫారం మడిచి ఫైలులో పెట్టింది. "సాయంత్రం అయిదింటికి నిజమే రాసి పంపుతా. ఈలోపు నువ్వే చెప్పుకుంటావో, నా కాగితం చూసి వాళ్ళే అడగాలో, నీ ఇష్టం."

ఇంటికొచ్చి నర్సు రెజ్యూమెలో ఆ ఏడు నెలల వరుస కొట్టేసింది. 'ఏడు నెలలు సెలవు. మంచానపడ్డ తల్లిని ఇంట్లో చూసుకున్నాను. ఇది ఉద్యోగానుభవం కాదు. ముందు పంపిన రెజ్యూమెలో తప్పు రాశాను, క్షమించండి' అని రాసింది. నాలుగున్నరకి పంపింది. వాళ్ళు క్షమిస్తారో, మూసేస్తారో తెలియదు.

పిన్ని తడిగుడ్డతో వచ్చింది. "రేపు సున్నం వేసేవాళ్ళొస్తారు. ఆ కాగితం పీకేసి గోడ తుడుస్తావా, నన్ను తుడవమంటావా?"

ఏ ఫారంలోనూ చేరని టిక్కుల వంక నర్సు చూసింది. సాయంత్రం ఆరింటి అలారం మోగింది.

"ఆ గోడ వదిలెయ్యమని చెప్పు పిన్నీ" అంటూ తడిగుడ్డ అందుకుని పక్కన పెట్టేసింది.