వడల బాణలిలో ఎర్ర బకెట్ నీళ్లు

పత్తి మిల్లు క్యాంటీన్‌లో నేను వడలు వేసే రోజుల్లో, నూనె మార్చడానికి క్యాంటీన్ కూడా చూసుకునే మిల్లు మేస్త్రీ ఒప్పుకునేవాడు కాదు. మళ్లీ మళ్లీ కాచిన ఆ నల్ల నూనె కంపు ఉతికినా నా చీరను వదిలేది కాదు.

ఒక సాయంత్రం ఆ నూనె పొగలు కక్కి, బాణలిలోనే భగ్గుమంది. వెంటనే స్టవ్ ఆపి మూత కోసం తిరిగాను. పత్తి అంటుకుంటే నీళ్లు కొట్టే అలవాటున్న మేస్త్రీ, గోడకు వేలాడే ఎర్ర బకెట్ అందుకున్నాడు.

"నీళ్లు వద్దు సామీ! మూత పెడితే సాలు!" అని అరిచాను.

"పోమ్మా! నిప్పు సంగతి నాకు తెలీదా?" అంటూ కుమ్మరించాడు.

నీళ్లు నూనె అడుగుకు దిగి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను పైకి చిమ్మాయి. మంట పైకప్పును నాకింది. అతని మీసం, నా ముంజేయి కాలాయి. నేలమీది మంటలపై ఎవరో ఇసుక పోశారు. నేను మూతను పక్కనుంచి జరిపి బాణలిని కప్పేశాను. గాలి అందక మంట చచ్చింది. చల్లారేదాకా ఎవరినీ మూత ముట్టనివ్వలేదు.

చల్లారాక మేస్త్రీయే మూత ఎత్తి, లోపలికి తొంగి చూశాడు.

"కొంచెం నూనె మిగిలిందమ్మా. వడగట్టి పెట్టు, రేపటికి అవుతుంది."