అంబదాస్ గీసిన గుమ్మం

ఆదిలాబాద్‌లో ఇళ్లకు నక్షాలు గీసే అంబదాస్‌కు అరవై దగ్గరపడ్డాయి. నలభై ఏళ్లలో ఎన్ని గీశాడో లెక్కలేదు గాని, గీసింది గీసినట్టు లేచిన ఇల్లు ఒక్కటీ లేదు. కడుతుండగా ఎవరో ఒకరు కిటికీ జరిపేవారు, లేదా గుమ్మం కుదించేవారు. కళ్లకు పొర కమ్ముతోంది. పత్తి వ్యాపారి రాయమల్లు ఇల్లైనా తన గీత ప్రకారం కట్టాలని పిచ్చి ఆశ పెట్టుకున్నాడు.

రాయమల్లు మాత్రం నాగపూర్ ఇంజనీరు చేత కూడా ముఖభాగం గీయించాడు. రెండూ బల్ల మీద పరిచి, "నీది జర చిన్నగున్నదే అంబదాసూ. గాయనది చూడు, ఎంత పెద్దగున్నదో!" అన్నాడు.

నవ్వొచ్చింది అంబదాస్‌కు. "రెండిట్లనూ ఇల్లు నలభై అడుగులే, సేట్. నేను ఎనిమిదడుగులకు అంగుళం పెట్టిన, ఆయన నాలుగడుగులకే అంగుళం పెట్టిండు. గందుకే కాయితం మీద రెండింతలు కనవడ్తున్నది. ఒక్క కొలతకు తెచ్చి చూడుండ్రి, తెలుస్తది."

"అయితే నువ్వే తే."

ఇంజనీరు నక్షాను తన కొలతకు మార్చి గీయడానికి రెండూ ఇంటికి పట్టుకుపోయాడు. ఇంజనీరు నక్షాలో కిటికీలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. గుమ్మం ఓ మూలన బాల్కనీ కింద, కిటికీ అంత వెడల్పే ఉంది. కొత్తవాడు వస్తే ఎటు నుంచి లోపలికి రావాలో తెలియదు. తన నక్షాలో గుమ్మం నడుమ ఉంది. అటూ ఇటూ ఖాళీ గోడ, దాని తర్వాతే కిటికీలు. చూపు నేరుగా గుమ్మం మీదికి పోతుంది.

మరునాడు రాయమల్లు, అంబదాస్ మార్చి గీసి తెచ్చిన ఇంజనీరు నక్షా ప్రతిని చేతికెత్తుకుని వదల్లేదు. "గిదే మంచిగున్నది! గిదే కడ్త!"

అంబదాస్ వంగి చూసి నిలువునా నీరయ్యాడు. నలభై ఏళ్ల అలవాటు చొప్పున చేయి ముందు గుమ్మం పైగీత గీసింది, కిటికీలన్నిటి పైఅంచులు ఆ గీతకే కలిపింది. గుమ్మం వెడల్పు ఇంటి కొలతలో ఆరంగుళాలు పెంచి, బాల్కనీ కింద నల్లగా నీడ పూసింది. ఇంజనీరు తప్పులు తనకు తెలియకుండానే దిద్దేశాడు.

"సేట్, గది ఆయనది కాదు. నా చేయి మార్చింది. అసలుది వేరే ఉన్నది."

"నీది పోయిందని కడుపుమంటనా?" రాయమల్లు నవ్వాడు. కొలతలన్నీ రాసి ఉన్నది ఇంజనీరు అసలు కాగితం మీదే గనక మేస్త్రీ దాన్ని బట్టే కట్టాడు.

ఇప్పుడు పత్తి బండ్లవాళ్లు ఇంటి ముందు ఆగి గుమ్మం ఎటని అడుగుతారు. అంబదాస్ గీసిన ప్రతి మాత్రం లోపల అద్దాల చట్రంలో ఉంది, కింద ఇంజనీరు పేరుతో.

ఒకనాడు రాయమల్లు పిలిచి దాన్ని చూపించాడు. "కాయితం మీద గింత మంచిగున్నది, కట్టినంక గట్ల లేదేందే?"

చెప్పినా నమ్మడని అంబదాస్ ఇంటిదారి పట్టాడు. ఆ తర్వాత పెన్సిలు పట్టలేదు.