మూడో లెవెల్‌కు సర్జాపుర అడ్రసు

మునిలక్ష్మికి ప్లాన్ గీయకుండా కాఫీ తాగడం కూడా చేతకాదని హూడి ఆఫీసులో అందరూ ఏడిపించేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది. విదేశీ ఫండ్ల కోసం మన కంపెనీల లెక్కలు చదివి రిపోర్టులు రాయడం ఆమె ఉద్యోగం. ఆ పనిలో పైకి రావాలంటే సీఎఫ్ఏ అనే పట్టా కావాలి. సీఎఫ్ఏ అంటే మూడు లెవెళ్లు. ఒక్కోదానికి మూడు వందల గంటలైనా చదవాలని ఆ పరీక్ష పెట్టేవాళ్లే చెబుతారు. మూడూ ఇన్నేళ్లలో ముగించాలన్న గడువు లేదు గానీ, ఒక్కో లెవెల్‌ను ఆరుసార్లకు మించి రాయనివ్వరు. కాబట్టి తొందరపడినవాళ్లకే నష్టం.

ఈ సంగతి ఆమెకు మొదటినుంచీ తెలుసనుకోకండి. మొదటి లెవెల్ ఇట్టే గట్టెక్కేసరికి తలకెక్కింది. పక్క సీటు చేతన్‌తో పందెం వేసుకుని, రోజుకు నాలుగు గంటలు పడుకుని, ఆ మరుసటి ఆగస్టులో రెండో లెవెల్‌కు కూర్చుంది. మధ్యాహ్నం పేపరు తెరిచేసరికి బుర్ర ఖాళీ. నిన్నటిదాకా నోటికొచ్చిన సూత్రం ఒక్కటీ గుర్తుకు రాలేదు. తప్పింది. నవంబరులో మళ్లీ రాసేస్తానని లేచింది. వరసగా వచ్చే రెండు పరీక్షలకు కూర్చోనివ్వరనీ, మే నెల దాకా ఆగాల్సిందేననీ అప్పుడు చదివింది నిబంధన. రెండు రోజులు మండిపడింది. మూడో రోజు పన్నెండు గంటలు ఒళ్లెరగకుండా నిద్రపోయి లేచాక, ఆ నిబంధన పెట్టినవాళ్లకు మనసులోనే దండం పెట్టుకుంది.

అప్పుడు గీసింది అసలు ప్లాన్. ఏడాదికి ఒక్క పరీక్షే. రోజుకు రెండు గంటలు, అదీ ఆఫీసుకు వెళ్లేముందు. ఆదివారం పుస్తకం ముట్టుకోకూడదు. కంపెనీలు మూడు నెలల ఫలితాలు ప్రకటించే రోజుల్లో సగం చదువే. పరీక్ష అయ్యాక రెండు నెలలు పూర్తి సెలవు. మే నెలలో రెండో లెవెల్ గట్టెక్కింది. వచ్చే ఫిబ్రవరిలోనే మూడోదానికి కూర్చోమని చేతన్ రెచ్చగొట్టాడు. ఆమె ఒప్పుకోలేదు.

"ఆ ఊపులో రాసేస్తే అయిపోతాది గదా!" అన్నాడు.

"ఊపు చూసుకొనే ఒకసారి ముంచుకున్న్యా. ఆగస్టులో రాస్తా," అంది.

ఆమె ప్లాన్‌లో పాస్‌పోర్టు కూడా ఉంది. ఆ పరీక్షకు గడువు దాటని పాస్‌పోర్టు చూపించకపోతే లోపలికి రానివ్వరు, ఆధార్ కార్డు పనికిరాదు. ఆమె పాస్‌పోర్టు జులై ఆఖరుకి ముగుస్తుంది, పరీక్ష ఆగస్టు మధ్యలో. అందుకే జూన్ మొదట్లోనే కొత్తదానికి అర్జీ పెట్టింది. పాస్‌పోర్టు ఆఫీసులో పాతదానిమీద అప్పుడే క్యాన్సిల్ ముద్ర కొట్టి చేతికిచ్చారు. పాతదాంట్లో ఉన్న కాలేజీ హాస్టల్ అడ్రసు మారింది కాబట్టి పోలీసులు ఇంటికొచ్చి విచారిస్తారన్నారు. అడ్రసు దగ్గర సర్జాపుర ఇల్లు రాసింది. ఆధార్‌లో అదే ఉంది మరి. తాను మాత్రం నాలుగేళ్లుగా మడివాళలో పీజీ హాస్టల్లో ఉంటోంది. సర్జాపురలో ఇంటి కిందే నాయన మునినారాయణప్ప పిండి మిషను. పొద్దున ఆరింటికే రాగులు ఆడించుకునేవాళ్లు వరస కడతారు, ఆ చప్పుడులో చదువు సాగదని వెళ్లిపోయింది. నెలకు ఒకటి రెండు ఆదివారాలు వచ్చిపోయేది. పీజీ అడ్రసు ఇద్దామంటే ఓనరు అగ్రిమెంటు ఇవ్వనంది. ఇంతకంటే సులువు ఏముంటుందనుకుని సర్జాపుర రాసేసింది. ఈ ఒక్కచోటే ప్లాన్ గీసేవాళ్లు పప్పులో కాలేస్తారు, కాగితం మీద సులువుగా ఉన్నదంతా నిజమే అనుకుంటారు.

కానిస్టేబుల్ ఒక మంగళవారం పది గంటలకు వచ్చాడు. మునిలక్ష్మి ఈ ఇంట్లోనే ఉంటుందా అని కన్నడంలో అడిగాడు. మునినారాయణప్ప పిండి దులుపుకుంటూ బయటికొచ్చాడు. ఆయన జన్మలో పోలీసుకు అబద్ధం చెప్పి ఎరగడు.

"ఈడ యాడుండాది సార్! నాలుగేండ్లాయ మడివాళ పీజీలో ఉండాది. ఎప్పుడో ఒగ ఆదివారం వస్తాది, సాయంత్రానికి పోతాది," అన్నాడు.

కానిస్టేబుల్ అదే రాసుకుని వెళ్లిపోయాడు. చెప్పిన అడ్రసులో ఉండటం లేదని రిపోర్టు. పాస్‌పోర్టు ఆగిపోయింది.

అర్జీ ఆగిపోయిందన్న మెసేజ్ జూన్ ఆఖరున చూసి మునిలక్ష్మి క్యాలెండరు తీసింది. ఆగస్టు తప్పితే మళ్లీ ఫిబ్రవరే. కట్టిన ఫీజు పోవడం సరే, నాలుగేళ్ల చదువును ఇంకో ఆరు నెలలు మోయాలంటే ఒంట్లో ఆ ఓపిక మిగలలేదని ఆమెకు తెలుసు. ఫోన్లో నాయన మీద విరుచుకుపడింది.

"ఉండాదని ఒగ మాట చెప్పుంటే ఏమయ్యేది నాయనా!"

 మిషను చప్పుడులోంచి మునినారాయణప్ప నెమ్మదిగా అడిగాడు.

"నువ్వు చెప్పు తల్లీ. నువ్వు ఈడ ఉండావా?"

 ఆయన పోలీసుకు చెప్పింది విచారణ జవాబు మాత్రమే కాదని, నాలుగేళ్లుగా తనతో చెప్పలేక మింగినదంతా అందులో ఉందని ఆమెకు అప్పుడు అర్థమైంది. సిగ్గేసింది. కోపం ఎటు పోయిందో పోయింది.

కోరమంగల పాస్‌పోర్టు ఆఫీసులో అపాయింట్‌మెంటు తీసుకుని వెళ్లింది. అక్కడి ఆఫీసరు ఫైలు తిరగేసి ఒకటే అడిగింది, నిజంగా ఉండేది ఎక్కడ అని. మడివాళ అయితే అక్కడి కాగితాలు తెచ్చి అడ్రసు మార్చుకో, సర్జాపుర అయితే మళ్లీ విచారణకు పంపుతాను, కానీ ఈసారి మనిషి ఆ ఇంట్లో ఉండాలి అంది.

"సర్జాపురే మేడమ్. ఈ వారమే సామాను తీసుకుపోతున్నా," అంది మునిలక్ష్మి.

అన్నట్టే శనివారం పీజీ ఖాళీ చేసింది. తల్లి సుబ్బలక్ష్మమ్మ వెనక గది సర్ది పెట్టింది. ఆరింటికి మిషను మొదలవుతుంది కాబట్టి నాలుగింటికి లేచి చదివేది. మొదటి రెండు రోజులు తల పగిలింది. తరవాత తరవాత ఆ చప్పుడు మొదలైతే ఇవాళ్టి చదువు అయిపోయినట్టే అని పుస్తకం మూసేసేది. ఎంత చదివినా తనివి తీరని పిల్లకు అది మంచే చేసింది. ఆదివారం నియమం మాత్రం తప్పలేదు. మాక్ పరీక్షల్లో మార్కులు తగ్గకపోగా పెరిగాయి. పాస్‌పోర్టు రాకపోతే ఫిబ్రవరికి ఏం చేయాలో అదీ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకుంది. ఆ దారీ ఉందని రాసుకున్నాక భయం తగ్గింది.

జులై రెండో వారంలో అదే కానిస్టేబుల్ మళ్లీ వచ్చాడు. ఈసారి మునినారాయణప్ప మిషను ఆపేశాడు.

"ఈడే ఉండాది సార్. మునీ, రామ్మా బయటికి," అని పిలిచాడు. ఆ గొంతులో గర్వం వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

పక్కింటి చెన్నయ్య సాక్షి సంతకం పెట్టాడు. జులై ఆఖరుకి కొత్త పాస్‌పోర్టు పోస్టులో వచ్చింది. కొత్త నంబరును అదే రోజు పరీక్ష ఖాతాలో మార్చింది. ఆగస్టులో వెళ్లి రాసింది. ఈసారి బుర్ర ఖాళీ కాలేదు. రాయాల్సినదంతా రాసి పది నిమిషాల ముందే ముగించింది. బయటికొచ్చి కడుపునిండా మసాలా దోసె తింది.

అక్టోబరులో ఫలితం వచ్చింది. పాసైంది. అనుభవం కింద అడిగే నాలుగు వేల పని గంటలు, మూడేళ్ల ఉద్యోగం ఆమెకు ఎప్పుడో నిండాయి. ఇక ఆ పట్టాకు అర్జీ పెట్టుకోవడమే మిగిలింది.

ఆ వారంలోనే పీజీ ఓనరు ఫోన్ చేసింది, పాత గది ఖాళీ అయింది, కావాలా అని. మునిలక్ష్మి మిషను గదిలో నిలబడి మాట్లాడుతోంది. నాయన రాగుల సంచీ విప్పుతూ విననట్టు నటిస్తున్నాడు. ఆయన చేతులు మాత్రం ముడి దగ్గరే ఆగిపోయాయి.

"వద్దాంటీ," అంది మునిలక్ష్మి. "నేనుండేది సర్జాపురలో."

మునినారాయణప్ప తల వంచుకుని ముడి విప్పాడు. కళ్లు తుడుచుకునేసరికి ముఖమంతా పిండి అయింది.