భుజం నుంచి లేచే చెయ్యి

నాయనకు పక్షవాతం వచ్చిన రెండో ఏడాది, ఒక నేతగాడిని కదిలించే పని నాకు పడింది.

అప్పట్లో నేను హోట్గి రోడ్డులో ఒక చిన్న యానిమేషన్ ఆఫీసులో పనిచేసేదాన్ని. మొత్తం నలుగురం. మాకు వచ్చేవన్నీ పళ్లు తోముకునే ఎలుగుబంట్లు, పాటలు పాడే కూరగాయలు. అలాంటి చోటికి ఒక చేనేత ప్రదర్శనలో వేసే రెండు నిమిషాల సినిమా వచ్చింది. అందులో ఒకే పెద్ద షాట్ ఉంది. ముసలి నేతగాడు మగ్గం మీద నేస్తాడు, మధ్యలో ఆగి చెమట తుడుచుకుంటాడు, మళ్లీ నేస్తాడు. మా లీడ్ మా వాడకట్టువాడే. అన్నా అని పిలిచేదాన్ని.

"నేతోళ్ల బిడ్డవి. నీకు గాక ఎవరికిస్తనమ్మా?" అని ఆ షాట్ నా చేతిలో పెట్టాడు.

నేను పుట్టేసరికే మా ఇంట్లో మగ్గం లేదని ఆయనకు చెప్పలేదు. నాయన వయసులో ఉన్నప్పుడు చేమగ్గం నేసి, ఆ తర్వాత కుంఠా నాకా దగ్గర పవర్‌లూమ్ షెడ్డులో చేరాడు. నాకు తెలిసిందల్లా ఆ షెడ్డు మోత ఒక్కటే.

బొమ్మ లోపల ఎముకల గూడులాంటిది ఒకటుంటుంది. దాన్ని రిగ్ అంటాం. దాని చేతులనూ కాళ్లనూ రెండు విధాలుగా కదిలించవచ్చు. ఎఫ్‌కేలో పైనుంచి కిందికి వస్తాం. ముందు భుజం తిప్పాలి, తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత మణికట్టు. చెయ్యి ఎక్కడ తేలుతుందో చివరికి గానీ తెలియదు. ఐకేలో అందుకు తలకిందులుగా, అరచేతిని పట్టుకుని కావలసిన చోట పెడితే చాలు, భుజం, మోచెయ్యి ఎంత వంగాలో కంప్యూటరే లెక్క కట్టుకుంటుంది. మోచెయ్యి ఏ వైపు తిరిగి ఉండాలో చూపడానికి మాత్రం విడిగా ఒక గుర్తు ఉంటుంది.

గడువు దగ్గరలో ఉందని రెండు చేతులూ రెండు కాళ్లూ ఐకేలోనే పెట్టేశాను. మూడు రోజుల్లో షాట్ ఒక రూపానికి వచ్చింది. అన్న రెండుసార్లు నడిపించి చూశాడు.

"కాళ్లు బరోబర్ ఉన్నయ్. నడుము ముందుకొంగినా పాదం కర్ర మీదికెల్లి జారుతలేదు. ఎడమచెయ్యి సుత బరోబర్, పలక ఎటు పోతే అటు పోతుంది. ఈ కుడిచెయ్యి ఏందమ్మా? ఎవరో మణికట్టు పట్టి గుంజుతున్నట్టుంది."

నాకూ కనబడుతూనే ఉంది. నేతగాడి ఎడమచెయ్యి పోగులను దగ్గరికి కొట్టే పలకను వదలదు. పాదాలు తొక్కుడు కర్రలను వదలవు. అలా ఒక వస్తువుకు అతుక్కుని ఉండేవాటికి ఐకే సుఖం. కుడిచెయ్యి సంగతి వేరు. అది గాలిలో తాడు లాగి, అడ్డపోగు మోసే నాడెను అటూ ఇటూ ఉరికిస్తుంది. ఐకేలో అరచెయ్యి ఒక చోటి నుంచి ఇంకో చోటికి గీత గీసినట్టు తిన్నగా పోతోంది. మనిషి చెయ్యి అలా పోదు, వంపు తిరుగుతూ పోతుంది.

"ఎఫ్‌కేల పెట్టు. వంపు దానంతటదే వస్తది," అన్నాడు అన్న.

పెట్టాను. వంపు వచ్చింది. కానీ భుజం ఎంత లేవాలి, మోచెయ్యి ఎప్పుడు బయలుదేరాలి అన్నది నాకు తెలియదు. ఫోన్‌లో వెతికితే దొరికిన వీడియోల్లో అందరూ బట్టనే దగ్గరగా చూపించారు, మనిషిని కాదు.

ఆదివారం పొద్దున మంచం మీద కూర్చుని ఉన్న నాయన దగ్గరికి వెళ్లాను.

"నాయనా, తాడు గుంజుడు ఒకసారి చూపిస్తవా? వీడియో తీసుకుంట."

"ఏ చెయ్యి గావాలె?"

"కుడిది," అన్నాను. అన్నాక గానీ నేను అడిగిందేమిటో నాకు తట్టలేదు. ఆయన ఎడమచేత్తో కుడిచెయ్యిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, దానివైపు కాసేపు చూశాడు.

"ఎడమతోని చూపిస్త. నువ్వు కంప్యూటర్ల తిప్పుకో."

కిటికీ ఊచకు తాడు కట్టాను. ఆయన పీట మీదికి జరిగి కూర్చుని లాగాడు. పక్షవాతం తర్వాత ముద్దగా వచ్చే మాట ఆ పూట కొంచెం తేటపడింది.

"చెయ్యిని చూడకు బిడ్డా, భుజం చూడు. ఈడికెల్లి లేస్తది. మోచెయ్యి దాని ఎనక వస్తది. మణికట్టు ఆఖర్ల. ఆ ఆఖరి ఝట్కాకే నాడె ఉరుకుతది."

అలా ఇరవైసార్లు లాగి ఉంటాడు. చాలు నాయనా అన్నా ఆపలేదు.

మర్నాడు ఆ వీడియోను అద్దంలో చూసినట్టు తిప్పుకుని పనిలో దిగాను. ముందు భుజం తిప్పాను. రెండు ఫ్రేములు ఆగి మోచెయ్యి, ఇంకో రెండు ఆగి మణికట్టు. చెయ్యి బతికింది. చెమట తుడుచుకునే చోట ఎడమచెయ్యి పలకను వదలాలి కాబట్టి అక్కడ ఐకే నుంచి ఎఫ్‌కేకు మార్చాను. మొదటిసారి మోచెయ్యి టక్కున ఎగిరిపడింది. మార్చే ఫ్రేములో రెండింటి భంగిమా ఒకటే అయ్యేలా సరిచూశాక ఆ ఎగురుడు పోయింది. అన్న చూసి నా కుర్చీ వీపు మీద తట్టాడు.

ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చి నాయనకు చూపించాను. బొమ్మ తాడు లాగినప్పుడల్లా ఆయన ఎడమ భుజం కొద్దిగా లేచేది.

"నేనే గదనే ఇది," అన్నాడు.

ఎప్పుడో మానేసిన వ్యాయామం ఆ వారం మళ్లీ మొదలుపెట్టాడు. వంగి బిగుసుకున్న కుడి మోచెయ్యిని ఎడమచేత్తో సాగదీసేవాడు. నేను ఆఫీసు నుంచి రాగానే "ఎప్పుడు పెడుతున్నరు? నన్ను తోల్కపోతవా?" అని అడిగేవాడు. తీసుకెళ్తానన్నాను.

ప్రదర్శనవాళ్లు మా సినిమా తీసుకోలేదు. వాళ్లలో ఎవరో ఏఐతో ఒకటి చేయించారట, అదే వేస్తామన్నారు. అన్న దాన్ని నాకు చూపించాడు. అందులో నేతగాడు నవ్వుతూ రెండు చేతులతో పలకను నిమురుతున్నాడు. తాడే లేదు. నాడె తనంతట తానే పోతోంది. వెలుతురు మాత్రం చాలా అందంగా ఉంది.

"తప్పు అని చెప్పలేదా అన్నా?"

"చెప్పిన. ఎవరికి తెలుస్తది అన్నరు," అన్నాడు. ఆ వీడియో మూసేస్తూ, "నిజమే గద, ఎవరికి తెలుస్తది?" అన్నాడు.

నాయనకు ఏదో ఒక అబద్ధం చెప్పవచ్చు. నాకు చేతకాలేదు. వాళ్ల వీడియోనే ఫోన్‌లో పెట్టి ఇచ్చాను. ఆయన చివరిదాకా చూశాడు.

"మంచిగనే ఉంది," అని ఫోన్ తిరిగి ఇచ్చాడు.

ఆ తర్వాత మోచెయ్యి సాగదీయడం మానేశాడు. నేను పట్టుకుని చేయించబోతే "వద్దు బిడ్డా, నొస్తది" అనేవాడు. రెండు మూడు రోజులు బతిమాలాను. తర్వాత నేనూ ఊరుకున్నాను. అది ఇప్పటికీ నన్ను తినేస్తుంది. వానాకాలం వెళ్లేసరికి ఆ చెయ్యి ఛాతీకి ఆనుకుని గట్టిపడిపోయింది. చొక్కా తొడగాలంటే కుట్టు విప్పాల్సి వచ్చింది.

ఆఫీసు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. ఎలుగుబంట్లూ కూరగాయలూ రావడం ఆగిపోయాయి. ఇప్పుడు నేను ఒక తువ్వాళ్ల వ్యాపారి దగ్గర ఫోటోలు సరిచేస్తున్నాను. తువ్వాలు వెనకున్న గోడను తీసేసి తెలుపు పెట్టాలి. రోజంతా అదే పని. ఇంటికి వస్తే నాయన గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. అన్నం తిన్నవా అని నేను అడుగుతాను. తిన్న అంటాడు.