తెర పిన్ని తెర తీసేసిన రోజు

మా అమ్మ చెల్లెలిని స్టూడియోలో అందరూ తెర పిన్ని అంటారు. నాకు సొంత పిన్ని కాబట్టి నేను అలా పిలవడంలో న్యాయముంది. మిగతావాళ్ళకి ఆ వరస ఎవరిచ్చారో నాకు తెలియదు. పేరు వెనక కథ చిన్నదే. పెళ్ళి వీడియోల ఎడిటింగులో ఆమెది ఇరవై రెండేళ్ళ చెయ్యి. ఆమె చేసిన ప్రతి వీడియో ఒక ఎర్రటి పట్టు తెరతో మొదలయ్యేది. తెర మధ్యకి చీలి మెల్లగా రెండు పక్కలకీ జరిగితే, వెనకనుంచి స్టూడియో పేరు బంగారు అక్షరాల్లో తిరుగుతూ వచ్చేది. ఆ తరవాతగానీ పెళ్ళివాళ్ళు కనిపించరు. ఆ తెర మడతల కదలిక కోసం పిన్ని మూడు వారాలు కష్టపడింది. ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే నాలుగు రోజులు ఆమె కాలు నేలమీద ఆనేది కాదు.

నేను అదే స్టూడియోలో కెమెరా పట్టుకుంటాను. నోరు కాస్త దురుసని ఇంటా బయటా పేరుంది, కాదనను.

పెద్ద ఓనరు తప్పుకుని కొడుకు కూర్చున్నాక పెళ్ళిళ్ళతోపాటు దుకాణాలవాళ్ళకి అరనిమిషం వీడియోలు చేయడం మొదలైంది. ఫోన్లో బొటనవేలితో పైకి తోసేస్తూ చూసే రకం. ఈ చిన్న ఓనరు ఒకప్పుడు పిన్ని టేబులు కింద కూర్చుని బొమ్మలు గీసుకున్నవాడే. ఆ రోజు మాత్రం ఆమెతో గోడని చూస్తూ మాట్లాడాడు. గోడని చూసి మాట్లాడేవాళ్ళు మంచి మాట చెప్పగా నేనెప్పుడూ వినలేదు. ఆంటీ చేసిన ఆరు వీడియోలూ తేలిపోయాయన్నాడు. నెలాఖరులోపు ఒక్కటైనా జనాన్ని నిలబెట్టకపోతే ఆ సీట్లోకి వేరేవాళ్ళని తెచ్చుకుంటానన్నాడు. ఆంటీ కావాలంటే వెనకగదిలో ఆల్బమ్ ఫొటోలు కత్తిరించుకోవచ్చట. ఇరవై రెండేళ్ళు ఒక కుర్చీ పట్టి కూర్చున్న మనిషికి అది పెన్షన్ కాదు, వనవాసం. నాకు ఒళ్ళు మండింది. పిన్ని మాత్రం తలూపి, ఆ ఆరు వీడియోల లెక్క చూపించమంది.

యాప్‌లో ప్రతి వీడియోకీ ఒక గీత ఉంటుంది. ఏ సెకనుకి ఎంతమంది మిగిలారో చూపిస్తుంది. మా గీతలు ఆరూ నూతిలో వేసిన రాయిలా ఉన్నాయి. నూరుమంది చూడడం మొదలుపెడితే రెండో సెకను పూర్తయ్యేసరికి మిగిలింది ముప్ఫైమంది. మా తెర తెరుచుకోవడానికి పట్టేది మూడు సెకన్లు. అంటే డెబ్భైమంది దుకాణాన్ని చూసి నచ్చక పోయినవాళ్ళు కాదు, అసలు చూడనేలేదు. నేనీ మాట అంటే పిన్నికి కోపమొచ్చింది. తప్పు తెరది కాదు, మనుషులకి ఓపిక చచ్చిందంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడోరోజు ఆమెకి పన్ను నొప్పి పట్టుకుంది. దంతవైద్యుడి దగ్గరికి నేనే తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. హాల్లో పదిమంది, పదిమంది చేతుల్లోనూ ఫోన్లు. పిన్ని చెంప పట్టుకుని కాసేపు మూలిగింది, తరవాత మూలగడం మరిచిపోయి పక్కావిడ ఫోన్లోకి తొంగిచూడడం మొదలుపెట్టింది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆమె వేళ్ళమీద ఏదో లెక్కపెడుతోంది. కాసేపటికి లేచి వెళ్ళి ఒక పెద్దమనిషి వెనక నిలబడింది. లోపలికి రమ్మని పిలిస్తే ఇంకొకరిని పంపమంది. పన్ను పీకించుకోవడం వాయిదా వేసేవాళ్ళని చూశాను గానీ, పక్కవాళ్ళ ఫోన్ల కోసం వేసినవాళ్ళని అదే చూడడం.

ఇంటికొచ్చేదారిలో, చెంపలో దూది పెట్టుకునే, ఆమె చెప్పిన సంగతులివి. ఆ హాల్లో ఇద్దరు తప్ప అందరూ సౌండు కట్టేసి చూస్తున్నారు. కాబట్టి మా వీడియోలకి వేసే సన్నాయి ఎంత బాగున్నా ఎవరికీ వినపడదు. వేలు ఒక వీడియోమీద ఆగేది సెకనో సెకనున్నరో, ఆలోపే తేలిపోతుంది. బొమ్మలో పని అప్పటికే జరుగుతూ ఉంటే ఆగుతోంది. దానిమీద పెద్ద అక్షరాలు నాలుగుంటే ఇంకాస్త ఆగుతోంది.

"ఆ పెద్దమనిషి పెదాలు కదిలాయిరా," అంది. "చదవడం మొదలుపెట్టాడు. మొదలుపెట్టినవాడు ఆ ముక్క పూర్తయ్యేదాకా వేలు ఎత్తలేదు. ఆలోపు కింద బొమ్మ వాణ్ణి పట్టేసుకుంది."

ఇల్లు వచ్చాక చెప్పులు విప్పుతూ, పెళ్ళివాళ్ళు కుర్చీల్లో కూర్చుని చూడ్డానికి సిద్ధమయ్యాకే మన తెర మొదలయ్యేది, వీళ్ళు ఇంకా కూర్చోలేదు, అంది. నిలబడి ఉన్నవాడికి తెర చూపిస్తే వాడు తలుపనుకుని వెళ్ళిపోతాడంది. ఆమెకి ఏడుపొచ్చిందని నాకు తెలుసు. పన్ను నొప్పి అని సరిపెట్టింది, నేనూ ఒప్పుకున్నాను.

అప్పుడు మా చేతిలో ఉన్నది బ్యాగులు బాగుచేసే పెద్దాయన వీడియో. ఒక మేడ మెట్ల కింద, మనిషి నిలబడితే తల తగిలే కొట్టు ఆయనది. నేను అప్పటికే తీసినదాంట్లో వరస ఇలా ఉంది: ముందు వీధి, తరవాత బోర్డు, నవ్వుతూ పెద్దాయన, చివరికి పని. పిన్ని దాన్ని తిరగేసింది. పనినే ముందుకి తెచ్చింది, అదీ మధ్యలోంచి. పెద్దాయన పట్టకారుతో జిప్పు పళ్ళని కలిపే బిళ్ళని పట్టుకున్నాడు, దాని వెనక పళ్ళు కలవకుండా నోరు తెరుచుకుని ఉన్నాయి. అక్కడ మొదలు. వీధీ బోర్డూ చివరికి పోయాయి. తెర లేదు.

అయినా మొదటి ప్రయత్నం సగమే పండింది. ఎందుకంటే పిన్ని చెయ్యి ఊరుకోదు కదా. అక్షరాలని ఒక్కొక్కటిగా ఎగిరొచ్చి వాలేలా చేసింది. అవి అన్నీ వాలేసరికి సెకనున్నర అయిపోయింది. పైగా సన్నటి వంకీల అక్షరాలు, ఫోన్లో వత్తులు కనపడలేదు. రాసినది అట్టడుగున పెట్టింది, సరిగ్గా యాప్ వాళ్ళు మన పేరూ వివరమూ వేసేచోట. వత్తులు మిగిలినా వాటికింద పడి నలిగాయి. గీత కాస్త లేచింది, అంతే. నేను నవ్వాను. ఆమె నావైపు చూసిన చూపుకి ఆపేశాను.

రెండోసారి మొదటి ఫ్రేములోనే మాటలు నిలబడి ఉన్నాయి. ఎగరడం లేదు, వాలడం లేదు. లావు అక్షరాలు, వెనక నల్ల పట్టీ, బొమ్మకి పైభాగంలో, కుడిపక్క యాప్ వేసే గుండె గుర్తులకి దూరంగా. ఇరవై మాటలు రాసి, కొట్టేస్తూ కొట్టేస్తూ నాలుగుకి తెచ్చింది: *జిప్పు పాడవలేదు. ఇది అరిగింది.* 'ఇది' ఏదో తెలియాలంటే బొమ్మలోకి చూడాలి. చూస్తే పట్టకారు మధ్యలో బిళ్ళ. సౌండు లేకపోయినా కథ అర్థమవుతుంది.

చిన్న ఓనరు వచ్చి చూశాడు. బాగుందిగానీ ఉప్పు తక్కువన్నాడు. 'బ్యాగుల షాపులవాళ్ళు మీకు దాచే రహస్యం, చూస్తే షాకవుతారు' అని పెట్టమన్నాడు. పెట్టనంది పిన్ని. ఇరవై రెండేళ్ళలో ఆమె ఆ స్టూడియోలో కాదనడం నేను వినడం అదే మొదటిసారి. చివరికి రెండూ వేద్దామని ఒప్పందం కుదిరింది. వీడియో ఒకటే, మొదటి మాటలు మాత్రం వేరు. మంగళవారం చిన్న ఓనరుది, గురువారం పిన్నిది, ఒకే వేళకి.

మంగళవారం గీత చూసి ఆయన మీసం మెలేశాడు. రెండు సెకన్ల దగ్గర నూటికి అరవై ఎనిమిదిమంది ఉన్నారు. పిన్ని మాత్రం అద్దాలు పైకి తోసుకుని గీతని ఏడో సెకను దగ్గర చూపించింది. అక్కడ మిగిలింది పంతొమ్మిదిమంది. రహస్యమన్నావు, షాకన్నావు, లోపల ఒక ముసలాయన బిళ్ళ మారుస్తున్నాడు; మోసపోయామనుకుని లేచిపోయారు, అంది. కింద కామెంట్లలో ఒకరు ఆ మాటే రాశారు కూడా.

గురువారం పిన్ని వీడియో రెండు సెకన్ల దగ్గర డెబ్భై ఒక్కరిని నిలబెట్టింది. పెద్దాయన పాత బిళ్ళని పట్టకారుతో విరిచి, కొత్తది చివరినుంచి ఎక్కించి, రెండు కుట్లు వేసి, జిప్పు సర్రున లాగేవరకూ నలభై ఆరుమంది ఉన్నారు. కొందరు మళ్ళీ మొదటినుంచి చూశారు. ఉండిపోయేవాళ్ళు ఎక్కువైతే యాప్ ఇంకొంతమందికి చూపిస్తుంది, వాళ్ళూ ఉంటే ఇంకొంతమందికి. శనివారానికి మెట్ల కింద కొట్టు ముందు సూట్‌కేసులు వీధిదాకా పేర్చి ఉన్నాయి. పెద్దాయన ఫోన్ చేసి, ఇక ఆపండమ్మా, నాకు రెండు చేతులే ఉన్నాయి అన్నాడు. పిన్ని ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆ ముక్క ఆయనచేత మా అందరి ముందూ మళ్ళీ అనిపించింది. గర్వపడింది. పడాల్సిందే, నేనూ పడ్డాను.

చిన్న ఓనరు సాయంత్రం వచ్చాడు. ఈసారి గోడని కాదు, ఆమెనే చూశాడు. అసలు సంగతి చివరికి కక్కాడు. వీడియో నిలబడదనే ధైర్యంతో, సోమవారం నుంచి రమ్మని ఒకమ్మాయికి ముందే చెప్పేశాడట. ఇప్పుడు వద్దనడానికి మొహం చెల్లడం లేదట.

నేను నోరు తెరిచాను. పిన్ని నా మోకాలు గిల్లింది.

"రానీ బాబూ," అంది. "పని నాకూ ఎక్కువైంది. ఇంకో కుర్చీ వేయించు."

సోమవారం ఆ అమ్మాయి తొమ్మిదింటికే వచ్చింది. కొత్త బ్యాగు, దువ్విన జడ, భయం. గదిలో ఉన్నది ఒకటే కంప్యూటరు, దాని ముందు పిన్ని. అమ్మాయి అటూ ఇటూ చూసింది. ఎవరో తనని ఆటపట్టిస్తున్నారనుకుందేమో, మెల్లగా అడిగింది.

"ఈ సీటు ఖాళీ అవుతుందన్నారండీ?"

"అవుతుంది," అంది పిన్ని, తెరమీదనుంచి చూపు తిప్పకుండా. "ఇంకో పదేళ్ళు పడుతుంది. అందాకా నా పక్కన కూర్చో."

అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది.